ఇరవై ఆరో తారీకు రాత్రి

గడుల్లో మాటలు పట్టవు. అంకెలే పడతాయి. బెంగాలీల రైల్వే ఊళ్ళో, ఇందా అనే పేటలో మందుల షాపు పైన, ఒకటిన్నర గదుల ఏజెన్సీ ఆఫీసులో కూర్చుని నీలవేణి ఆరేళ్ళుగా చేస్తున్న పని అదే, మాటల్ని పిండి అంకెలు తీయడం.

ఆ ఏజెన్సీ మంచాన పడ్డ పెద్దవాళ్ళ ఇళ్ళకి అటెండెంట్లని పంపుతుంది. మొత్తం పద్నాలుగు మంది. వాళ్ళలో ఒక్కరైనా టైము రాయమంటే టైము రాస్తారా? రాయరు. ఒకావిడ వాట్సాప్‌లో ‘లోకల్ రైలు లేటు దీదీ, తొమ్మిదింపావుకి చేరినాను, దిగడం మామూలే’ అంటుంది. ఇంకొకావిడ ‘నిన్నట్లాగే’ అని ఊరుకుంటుంది, ఆ నిన్న కూడా ‘మొన్నట్లాగే’ అని ఉంటుంది. వీటన్నిటినీ తారీకు, డ్యూటీ ఎక్కిన టైము, దిగిన టైము, మొత్తం గంటలు అనే నాలుగు గడుల్లోకి దించి, నెలాఖరున పేషెంటు ఇంటివాళ్ళకి పంపాలి. స్పష్టంగా లేనిచోట నీలవేణి గడికి పసుపు రంగు వేసి, ఫోను చేసి అడిగేది. ఊహించి రాయడం ఆమెకి అసహ్యం. తన పట్టికలో తప్పు దొరికిందన్నవాడు ఇంకా పుట్టలేదని ఆమెకి కాస్త గర్వం కూడా ఉండేది. ఆ గర్వం నవంబరు మూడో తారీకు సోమవారం, టీ తాగే వేళకి దిగిపోయింది.

“నీలవేణీ, సేన్‌గుప్తా మాసిమా షీటు తియ్యి,” అన్నాడు ఏజెన్సీ యజమాని ఉమాశంకర్. మొహం మాడిపోయి ఉంది. “ఇరవై ఆరో తారీకు చదువు.”

మాసిమా, అంటే పిన్నిగారు, అని అందరూ పిలిచే ఆ పేషెంటు షీటు తెరిచి ఆమె చదివింది. “అటెండెంట్ దోర్కా. ఇరవై ఆరు అక్టోబరు, ఆదివారం. ఎక్కింది రాత్రి ఎనిమిది. దిగింది మర్నాడు పొద్దున్న ఎనిమిది. పన్నెండు గంటలు.”

“మాసిమా మంచం మీంచి పడింది ఎప్పుడు?”

నీలవేణి షీటు మీంచి తలెత్తింది. ఆ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. ఇరవై ఏడు సోమవారం తెల్లవారుజామున, మూడు గంటల ప్రాంతంలో. మంచం పక్కన ఉండే కమ్మీ ఎత్తలేదు. కుడి మణికట్టు విరిగింది.

“వాళ్ళబ్బాయి పార్థో పూణే నుంచి ఫోను చేశాడు. ఇన్నాళ్ళూ రాత్రి జారి పడిందని మాత్రమే విన్నాడంట. నిన్న మన షీటు చూసినాక మనిషి ఊగిపోతున్నాడు. పక్కన అటెండెంటుని పెట్టుకుని కూడా మా అమ్మ ఎలా పడింది, ఆవిడ నిద్రపోయిందా, లేచి ఎటైనా వెళ్ళిందా అని అడుగుతున్నాడు. రేపు మధ్యాహ్నం పన్నెండుకి దోర్కాని తీసేశామని లెటర్ కావాలంట. మిగతా ఏజెన్సీల గ్రూపులో కూడా పెట్టాలంట.”

ఆ గ్రూపులో పేరు పడితే ఏమవుతుందో నీలవేణికి ఎవరూ చెప్పక్కర్లేదు. పేషెంటుని కింద పడేసిన మనిషి అనే పేరు ఒకసారి వస్తే ఇందాలో కాదు, ఊరవతల సాలువా దాకా ఏ గుమ్మమూ ఎక్కనివ్వరు. దోర్కాకి యాభై రెండేళ్ళు. ఇరవై ఏళ్ళు ఎవరెవరి తల్లుల్నో తండ్రుల్నో ఎత్తి, కడిగి, తినిపించి సంపాదించుకున్న పేరు అది. వేరే ఆస్తి ఆమెకి లేదు.

ఆమెని పిలిపించారు. ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే తెలుగువాళ్ళ రైల్వే కాలనీ నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చింది. ఆదివారం చర్చికి కట్టే తెల్లచీర కట్టుకుని వచ్చింది, ఏదో మంచి కబురే అనుకుని. సంగతి చెప్పారు.

“నాను ఆ రాత్రి అక్కడ లేను సార్,” అంది నెమ్మదిగా. “ఇంటికాడ తొంగున్నాను. సోమారం ఎనిమిదికి ఎల్లేతలికి మాసిమా సెయ్యి వాచిపోయి ఉంది. ఆసుపత్రికి తీసుకెల్లింది నానే.”

“నువ్వు రాసిచ్చిన పుస్తకంలోంచే కదా షీటు చేసింది. ఇరవై ఆరు, రాత్రి డ్యూటీ అని నువ్వే రాశావు.”

“రాసినాను. సేసినాను గాబట్టి రాసినాను.”

“చేశానంటావు, లేనంటావు. ఏది నిజం?”

దోర్కా నీలవేణి వైపు చూసింది. “నువ్వే కదే అమ్మీ ఎక్కించినావు. నువ్వు సెప్పు సార్‌కి.”

నీలవేణి ఏం చెబుతుంది? పుస్తకంలో ఉన్నదే ఎక్కించింది. ఉమాశంకర్ చెడ్డవాడు కాదు, కానీ ఏజెన్సీ మూతపడకుండా చూసుకోవాల్సినవాడు. “రేపు పదకొండు దాకా టైము,” అని తన గదిలోకి వెళ్ళిపోయాడు.

“పిన్నీ, నీ అక్టోబరు నోట్‌బుక్కు బీరువాలోనే ఉంది. కూర్చో,” అంది నీలవేణి. తప్పు దొరికేదాకా లేచేది లేదని అప్పుడే నిశ్చయించుకుంది, అది ఎవరిదైనా సరే.

మొదట షీటు చూసింది. మాసిమా కూతురు సుచేత ఒక నర్సింగ్‌హోం బిల్లింగ్ కౌంటర్లో పనిచేస్తుంది, ఆమెకి ఒక వారం రాత్రులు, ఒక వారం పగళ్ళు. ఆమె పనికి వెళ్ళిన పూట దోర్కా ఉండాలి, ఇంట్లో ఉన్న పూట కూతురే చూసుకోవాలి. ఆదివారం ఆదివారం డ్యూటీ మారుతుంది. మారేటప్పుడు ఇద్దరికీ పనికి ఒక రోజు విరామం వస్తుంది, ఆ రోజంతా మాసిమా దగ్గర కూతురే. అది ఒప్పందం. మరి షీటులో ఉన్నదేమిటి? దోర్కా ఇరవై ఆరు రాత్రి ఎనిమిదికి ఎక్కి ఇరవై ఏడు పొద్దున్న ఎనిమిదికి దిగింది. కింది వరుసలో, ఇరవై ఏడు పొద్దున్న ఎనిమిదికి పగటి డ్యూటీ ఎక్కి, రాత్రి ఎనిమిదికి దిగింది. అంటే ఇరవై నాలుగు గంటలు ఏకబిగిన. పైకి వెళ్ళి చూస్తే పన్నెండు, పదమూడు తారీకుల దగ్గరా అంతే. పోనీ పగళ్ళు అయిపోయి రాత్రులు మొదలైన చోట చూద్దామంటే, పద్దెనిమిది సాయంత్రం దిగిన మనిషి ఇరవై రాత్రి దాకా మళ్ళీ ఎక్కలేదు. రెండు రోజులు ఖాళీ.

ఒకచోట విరామమే లేదు, ఇంకోచోట రెట్టింపు ఉంది. మనుషులు అలా పనిచేయరు. వరుసలు పక్కకి జరిగితేనే అలా కనిపిస్తుంది.

నోట్‌బుక్కు తెరిచింది. దోర్కా రాత బొద్దుగా, పిల్లల రాతలాగా ఉంటుంది. నీలవేణి ప్రతి నెలా ఆ రాతలోంచి తారీకు, ‘రాత్రి 8 – పొద్దున్న 8’ అనే ముక్క మాత్రం ఏరుకుని మిగతాది వదిలేసేది. పద్నాలుగు మంది రాతలు, ముప్పై రోజులు, అంతా చదువుతూ కూర్చుంటే షీటు ఎప్పటికయ్యేను? ఈసారి వదిలేసినదే చదివింది. ఇరవై ఒకటో తారీకు కింద ఇలా ఉంది: ‘రాత్రి 8 – పొద్దున్న 8. కాళీపూజ రాత్రి. బాంబులకి మాసిమా జడిసిపోయి నా సెయ్యి వదల్లేదు. రెండు దాటినాక తొంగున్నాది.’

కాళీపూజ ఇరవైన, సోమవారం. ఆ రాత్రి తన పిల్ల కూడా టపాసుల మోతకి పక్కమీద లేచి కూర్చుంది, నీలవేణి మరిచిపోలేదు. మరి దోర్కా ఇరవై ఒకటి అని ఎందుకు రాసింది?

“పిన్నీ, ఇది ఎప్పుడు రాస్తావు నువ్వు?”

“డ్యూటీ దిగినాక.”

“రాత్రి డ్యూటీ అయితే?”

“తెల్లారి దిగినాకే. ఆ పొద్దుటి తారీకే ఏస్తాను. మా నాయిన లోకో షెడ్డులో సేసినోడు. పని అయినాకే రాయాల, అవకముందు రాస్తే అది అబద్దమే అని సెప్పీవోడు. నాను ఏ రోజు దిగితే ఆ రోజే రాస్తాను. ఎప్పుడూ అంతే. ఏటి, తప్పా?”

నీలవేణి కుర్చీలో వెనక్కి వాలింది. తప్పు కాదు. తప్పు ఆమెది కాదు. ఎక్కిన రోజు తారీకు రాసి ఉంటుందని అనుకున్నది తను. ‘రాత్రి ఎనిమిది నుంచి పొద్దున్న ఎనిమిది’ అని కంప్యూటరులో కొడితే మొదట్లో లెక్క మైనస్ పన్నెండు వచ్చేది. ముగింపు అంకె మొదలుకన్నా చిన్నదైతే ఒక రోజు కలుపు అని సూత్రం పెట్టింది కూడా తనే. అది బుద్ధిగా ప్రతి రాత్రినీ మర్నాటిలోకి తోసింది. గంటలు మాత్రం ప్రతిసారీ పన్నెండే వచ్చాయి, నెల మొత్తం మూడువందల నలభై ఎనిమిది, పైసా తేడా లేదు. మొత్తం సరిపోయింది గనక ఎవరికీ అనుమానం రాలేదు. అడిగి తెలుసుకోవాల్సిన గడికి తను పసుపు రంగే వేయలేదు.

“నీది కాదు పిన్నీ, నాది,” అంది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. “ఇరవై ఆరో తారీకు రాత్రి నిన్ను ఆ ఇంట్లో పెట్టింది నేనే.”

తిడుతుందనుకుంది నీలవేణి. “అయితే తియ్యిమీ మరి,” అంది దోర్కా.

తీసింది. పాత షీటు జోలికి పోలేదు. అది దిద్దితే రేపు దాచిపెట్టారంటారు. కొత్త షీటులో రోజుకి రోజు, అర్ధరాత్రి దగ్గర కోసి రాసింది. పంతొమ్మిది: రాత్రి ఎనిమిది నుంచి పన్నెండు, నాలుగు గంటలు. ఇరవై: అర్ధరాత్రి పన్నెండు నుంచి పొద్దున్న ఎనిమిది, ఎనిమిది గంటలు, మళ్ళీ రాత్రి ఎనిమిది నుంచి పన్నెండు, నాలుగు, ఆ రోజు మొత్తం పన్నెండు. అలా ఇరవై ఐదు దాకా. ఇరవై ఆరు: అర్ధరాత్రి పన్నెండు నుంచి పొద్దున్న ఎనిమిది, ఎనిమిది గంటలు. అంతే. ఆ రాత్రికి వరుస లేదు. ఇరవై ఏడు: పొద్దున్న ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది. ప్రతి వరుస పక్కనా దోర్కా రాసిన మాటలు ఒక్క అక్షరం మార్చకుండా ఎక్కించింది. మారే ప్రతి ఆదివారం దగ్గరా ఇరవై నాలుగు గంటల విరామం దానంతట అదే వచ్చి కూర్చుంది. నెల మొత్తం మూడువందల నలభై ఎనిమిదే.

ఉమాశంకర్ రెండు షీట్లూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు.

“నాకు అర్థమైంది. నేను నమ్ముతాను. ఆయన నమ్ముతాడా? మీ మనిషిని కాపాడుకోవడానికి రాత్రికి రాత్రి మార్చేశారంటాడు. పుస్తకం ఆవిడది, షీటు నీది. ఇద్దరూ ఓల్డ్ సెటిల్‌మెంట్ వాళ్ళే. ఆ ఇంట్లోంచి ఏదైనా కావాలి నీలవేణీ, మన చెయ్యి పడనిది.”

మర్నాడు పొద్దున్న ఎనిమిదిన్నరకి నీలవేణి సేన్‌గుప్తా వాళ్ళ గుమ్మంలో ఉంది. సుచేత అప్పుడే రాత్రి పని నుంచి వచ్చినట్టుంది, జుట్టు కూడా దువ్వుకోలేదు. నీలవేణి బెంగాలీలోనే మాట్లాడింది.

“దీదీ, నేను షీటు చేసే మనిషిని. తప్పు రాశాను. ఒప్పుకోడానికి వచ్చాను.”

సుచేత మొహంలో రంగు మారింది. లోపలికి రమ్మనలేదు, తలుపు వేయనూ లేదు.

“మీ అన్నయ్యకి నేను పంపిన కాగితంలో ఆ రాత్రి దోర్కా ఉంది. ఉండటం నిజమైతే ఇప్పుడే వెళ్ళిపోతాను,” అంది నీలవేణి.

లోపల మంచం మీద మాసిమా కట్టు కట్టిన చెయ్యి గుండెమీద పెట్టుకుని పైకి చూస్తోంది. సుచేత అటు ఒకసారి చూసింది. వెళ్ళు అనలేదు. మంచం తలవైపు గోడకి అట్ట మీద ఒక కాగితం వేలాడుతోంది. నీలవేణికి అప్పుడే కనిపించింది. డాక్టరు ఇచ్చిన బీపీ చార్టు, ఇంకా తీయని అక్టోబరుది. ఒకటి నుంచి ముప్పై ఒకటి దాకా తారీకులు అచ్చు వేసి ఉన్నాయి, పక్కన నాలుగు గడులు: తెల్లవారి ఆరు, పొద్దున్న పది, సాయంత్రం ఆరు, రాత్రి పది.

అచ్చు తారీకులు. ఎవరు ఎప్పుడు రాసినా ముందుకీ వెనక్కీ జరగనివి. నీలవేణికి అడగాలని నోటిదాకా వచ్చింది, కానీ అడగలేదు. బలవంతాన గుంజుకున్న కాగితానికి విలువేముంది? అక్కడే, గుమ్మంలోనే నిలబడింది. కదిలేది లేదు. పదకొండు దాకా అయినా సరే.

సుచేతే లోపలికి వెళ్ళి అట్ట తీసి తెచ్చి చేతిలో పెట్టింది.

అందులో రెండు రాతలే ఉన్నాయి. దోర్కా బొద్దు అంకెలు, సుచేత వాలు అంకెలు. సుచేత వంతు వచ్చిన పూటల్లో సగం గడులు ఖాళీ. దోర్కా వంతువి ఒక్కటీ ఖాళీ లేదు. పంతొమ్మిది, రాత్రి పది: బొద్దు అంకెలు. నీలవేణి పాత షీటు ప్రకారం దోర్కా ఆ రాత్రి అక్కడ ఉండనే కూడదు. ఇరవై ఆరు, తెల్లవారి ఆరు: బొద్దు అంకెలు. ఇరవై ఆరు, రాత్రి పది: ఖాళీ. ఇరవై ఏడు, తెల్లవారి ఆరు: ఖాళీ. ఇరవై ఏడు, పొద్దున్న పది: మళ్ళీ బొద్దు అంకెలు.

“ఏడు రాత్రులు కౌంటర్లో కూర్చుని వచ్చాను,” అంది సుచేత. నేలకేసి చూస్తూ చెప్పింది. “ఆ రాత్రి నా వంతు. కమ్మీ ఎత్తానో లేదో గుర్తులేదు. శబ్దానికి లేచాను. ఇంకోసారి ఇలాంటిది జరిగితే అమ్మని పూణే వృద్ధాశ్రమంలో పెడతానని అన్నయ్య ముందే అన్నాడు. మీ షీటు చూసి అన్నయ్యే దోర్కా దీదీ పేరు ఎత్తాడు. నేను అనలేదు. కాదని కూడా అనలేదు.”

నీలవేణికి కోపం రావాల్సింది. వచ్చింది కూడా. ఈమె ఒక్క ముక్క అని ఉంటే దోర్కా పిన్ని నిన్నంతా ఆ తెల్లచీరలో నేరస్తురాలిలా కూర్చునేది కాదు. కానీ అనడానికి నోరు రాలేదు, ఆ నేరాన్ని పుట్టించింది తనే కాబట్టి.

“పన్నెండుకి ఫోనులో నా తప్పు నేను చెప్పుకుంటాను దీదీ,” అంది. “మీ మాట మీ ఇష్టం. ఈ చార్టు మాత్రం కావాలి.”

సుచేత అట్టని వెనక్కి తీసుకుంది. ఇవ్వనంటుందేమో అనుకుంది నీలవేణి. సుచేత బల్ల మీది పెన్ను తీసుకుని, ఇరవై ఆరు రాత్రి పది గడిలో ఇరుకుగా బెంగాలీలో రాసి, కింద సంతకం పెట్టింది. అట్ట తిరిగి ఇచ్చేసి చీరకొంగుతో కళ్ళు తుడుచుకుంది.

పన్నెండుకి ఫోను స్పీకరులో పెట్టారు. నీలవేణి ముందు తన పేరు చెప్పింది, తర్వాత తన తప్పు చెప్పింది, ఆ తర్వాతే వరుసలు చదివింది. తారీకు, ఎక్కిన టైము, దిగిన టైము, గంటలు. తొందరపడకుండా, ఒక్కటీ వదలకుండా. పార్థో మధ్యలో రెండుసార్లు అడ్డొచ్చాడు. రెండుసార్లూ ఆమె ఆగి, విని, ఆగిన వరుస నుంచే మళ్ళీ మొదలుపెట్టింది. చార్టు ఫోటో అప్పటికే పంపారు. ఇరవై ఆరు రాత్రి పది గడి దగ్గరికి వచ్చేసరికి పార్థో మూడోసారి అడ్డొచ్చాడు.

“ఇది సుచేత రాత,” అన్నాడు. “నేను దానితో మాట్లాడతాను.” ఫోను పెట్టేశాడు. లెటర్ సంగతి ఇంక ఎత్తలేదు.

ఉమాశంకర్ గట్టిగా ఊపిరి వదిలి, గ్రూపులో పెడదామని రాసి ఉంచుకున్న మెసేజీని అందరికీ కనిపించేలా చెరిపేశాడు. నీలవేణి వైపు తిరిగి, “పద్నాలుగు మందిదీ అడుగు, ఎవరు ఎప్పుడు రాస్తారో. రాత్రి డ్యూటీలన్నీ మళ్ళీ చెయ్యి,” అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకి.

దోర్కా గోడ పక్కన బెంచీ మీద కూర్చుని ఉంది. నీలవేణి వెళ్ళి పక్కన కూర్చుని చార్టు చూపించింది.

“ఏటి రాసినాది ఇందులో?” బెంగాలీ ఎంత మాట్లాడినా చదవడం రాదు దోర్కాకి.

“‘ఆ రాత్రి అమ్మ దగ్గర ఉన్నది నేను. నిద్రపోయాను.’ అని.”

దోర్కా వేలితో ఆ అక్షరాల్ని ఒకసారి తడిమింది.

“ఏడు రేత్రులు మేలుకున్న మనిసి,” అంది. “ఎనిమిదో రేత్రి కన్నంటుకుంటే ఏటి సేస్తాది? నన్ను అడిగితే ఆ పూట ఒచ్చీదాన్ని కదా. షీటులో ఎక్కించకపోయినా ఒచ్చీదాన్ని.”

లేచి చీర సర్దుకుంది. ఆ వారం సుచేతకి రాత్రులే, కాబట్టి దోర్కా రాత్రి ఎనిమిదికి డ్యూటీ ఎక్కాలి. సంచిలోంచి కొత్త నెల నోట్‌బుక్కు తీసి నీలవేణి ఒళ్ళో పడేసింది.

“ఇదిగో, ఎక్కిన తారీకూ, దిగిన తారీకూ రెండూ రాయడానికి గీతలు గీసియ్యి. రాసీది మాత్రం దిగినాకే రాస్తాను.”

నీలవేణి స్కేలు తీసుకుని గీతలు గీయడం మొదలుపెట్టింది. ఈసారి మాటలకి కూడా ఒక గడి వదిలింది, అన్నిటికన్నా వెడల్పుగా.